వసూలు మీద, మార్జిన్ మీద కమీషన్: ఈఆర్పీ లెక్కను ఏజెంటు ప్రశ్నించవచ్చా?

సందేహం: నేను ఒక కంపెనీకి కమీషన్ ఏజెంటును. మార్జిన్ మీద 10 శాతం, అదీ డబ్బు వసూలైన మేరకు ఇస్తామని రాతపూర్వక ఒప్పందం ఉంది. నా బిల్లుల్లో చాలావాటికి పార్టీలు పూర్తిగా కట్టేశాయి. అయినా నాకు రావలసినదాని కంటే తక్కువే వస్తోంది. అడిగితే ‘ఈఆర్పీ సాఫ్ట్‌వేర్ వేసిన లెక్క అది, కాస్ట్ వివరాలు బయటికి ఇవ్వం’ అంటున్నారు. ఆ లెక్క చూపించమని చట్టప్రకారం అడగవచ్చా?

సమాధానం: అడగవచ్చు. అయితే కంపెనీ తరఫు లాయరు మొదట పట్టుకునేది కాంట్రాక్టు చట్టం, 1872లోని 213వ సెక్షన్‌ను. అడిగినప్పుడు ఏజెంటే యజమానికి లెక్క చెప్పాలని అందులో ఉంది. యజమాని ఏజెంటుకు చెప్పాలని లేదు. ఆ వాదనకు జవాబు సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. నరందాస్ మొరార్దాస్ గాజీవాలా కేసులో (ఏఐఆర్ 1967 ఎస్‌సీ 333), సెక్షన్ ఇవ్వకపోయినా ప్రత్యేక పరిస్థితుల్లో ఏజెంటు యజమానిని లెక్క అడగవచ్చని కోర్టు చెప్పింది. లెక్కలన్నీ యజమాని చేతిలోనే ఉండి, తనకు ఎంత రావాలో ఏజెంటు తెలుసుకోలేని స్థితి అలాంటిదే. మీ కమీషన్ మార్జిన్ మీద ఆధారపడింది, కాస్ట్ తెలిసింది కంపెనీకి మాత్రమే. కాబట్టి ఆ తీర్పు మీకు గట్టి ఆధారం.

కానీ ‘లెక్క తప్పు’ అని మాత్రమే రాస్తే నోటీసుకు బలం రాదు. ఏ అంకె దగ్గర తప్పు జరిగిందో చూపాలి. సాధారణంగా అది మూడు చోట్ల జరుగుతుంది.

ఒక బిల్లు తీసుకుందాం. సరుకు విలువ 2,00,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 36,000, మొత్తం 2,36,000. అమ్మిన రోజు కాస్ట్ 1,60,000 అనుకుంటే మార్జిన్ 40,000, పూర్తి కమీషన్ 4,000. పార్టీ 1,18,000 కట్టింది, అంటే సగం బిల్లు వసూలైంది. మీకు 2,000 రావాలి.

మొదటి తప్పు జీఎస్టీ దగ్గర. వసూలు నిష్పత్తి తీసేటప్పుడు పైనా కిందా జీఎస్టీ ఉండాలి, లేదా రెండు చోట్లా తీసేయాలి. ఫార్ములా రాసినవారు వసూలులోంచి జీఎస్టీ తీసి 1,00,000 చేసి, దాన్ని జీఎస్టీతో కలిసిన 2,36,000తో భాగిస్తే నిష్పత్తి 50 శాతానికి బదులు 42.37 అవుతుంది. కమీషన్ 1,695కు పడిపోతుంది. పార్టీ చివరి పైసా కట్టినా ఈ లెక్క 84.75 శాతం దగ్గరే ఆగిపోతుంది, 4,000కు బదులు 3,390 మాత్రమే వస్తుంది. ‘పూర్తిగా కట్టిన బిల్లులకూ తక్కువే వస్తోంది’ అన్నారు కదా, ముందు ఇదే చూడండి. పూర్తిగా వసూలైన బిల్లు ఒకటి పట్టుకుని, వచ్చిన కమీషన్‌ను, స్టేట్‌మెంటులోని మార్జిన్ ప్రకారం రావలసిన కమీషన్‌తో భాగించండి. 18 శాతం జీఎస్టీ ఉన్న ప్రతి బిల్లుకూ 0.8475 వస్తుంటే దోషం ఫార్ములాదే. దీన్ని నిరూపించడానికి ఒక్క కాగితం చాలు, కంపెనీ వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

రెండోది కాస్ట్. ఈఆర్పీలో సగటు ధర పద్ధతి ఉంటే, పాత తేదీతో ఒక కొనుగోలు నమోదు చేసినా, రవాణా ఖర్చును ఆలస్యంగా సరుకు మీద వేసినా, అప్పటికే అమ్మిన సరుకు కాస్ట్ కూడా మారిపోవచ్చు. పై బిల్లులో కాస్ట్ 1,68,000 అయితే మార్జిన్ 32,000, పూర్తి కమీషన్ 3,200. మీకు ఇదివరకే 2,000 ఇచ్చారు కాబట్టి, మిగతా సగం వసూలైనప్పుడు సిస్టం 2,000కు బదులు 1,200 చూపిస్తుంది. ఒకే బిల్లుకు రెండు నెలల స్టేట్‌మెంట్లలో మార్జిన్ వేర్వేరుగా ఉంటే కాస్ట్ మధ్యలో మారిందన్నమాట.

ఇది చట్టప్రకారం చెల్లుతుందా అన్నది ఒప్పందంలో ‘మార్జిన్’ అంటే ఏమని రాశారో దాన్ని బట్టి ఉంటుంది. నిర్వచనం లేకపోతే ఇన్నాళ్లూ ఇరుపక్షాలూ ఏ పద్ధతిలో లెక్క తేల్చుకున్నాయో కోర్టు చూస్తుంది. ఒప్పందాన్ని మార్చాలంటే ఇద్దరి సమ్మతీ కావాలి, సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగు మార్చినంత మాత్రాన ఒప్పందం మారదు. నా అభిప్రాయంలో, ఆ సరుకుకే నిజంగా అయిన రవాణా ఖర్చును కలిపితే కంపెనీకి కొంత న్యాయం ఉంది. ఆఫీసు అద్దె, జీతాల లాంటి ఉమ్మడి ఖర్చులను వెనక తేదీ నుంచి పంచి మార్జిన్ తగ్గిస్తే మాత్రం మీరు గట్టిగా ఎదిరించవచ్చు.

మూడోది వసూలును ఏ బిల్లుకు జమ చేశారన్నది. పార్టీ మీ బిల్లు నంబరు రాసి డబ్బు పంపినా, అకౌంట్స్ విభాగం దాన్ని పాత బకాయికి సర్దవచ్చు, లేదా ఏ బిల్లుకూ ముడిపెట్టకుండా ‘ఆన్ అకౌంట్’గా వదిలేయవచ్చు. అప్పుడు డబ్బు కంపెనీ బ్యాంకులో ఉన్నా కమీషన్ రిపోర్టులో మీ బిల్లు వసూలు సున్నా. కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ ప్రకారం, బాకీదారు ఫలానా బాకీకని చెప్పి ఇచ్చిన సొమ్మును తీసుకుంటే దానికే జమ చేయాలి. చెప్పకపోతే ఏ బాకీకి జమ చేసుకోవాలన్నది 60వ సెక్షన్ కింద కంపెనీ ఇష్టం. ఈ సెక్షన్లు కంపెనీకీ పార్టీకీ మధ్య ఉన్నవే అయినా, మీ బిల్లు వసూలైందని చూపడానికి పార్టీ పంపిన చెల్లింపు వివరం మంచి సాక్ష్యం. ఆ ప్రతులు పార్టీల దగ్గర తీసుకుని దాచుకోండి. చెక్కు తిరిగి రావడం, సరుకు వెనక్కి రావడం వల్ల తగ్గించిన కమీషన్‌ను మాత్రం సవాలు చేయకండి, ‘వసూలైన మేరకు’ అన్న షరతులోనే అది ఉంది.

ఇక నోటీసు. తేదీల పరిధి చెప్పి, ప్రతి బిల్లుకూ ఈ వివరాలు అడగండి: సరుకు విలువ, జీఎస్టీ, అమ్మిన తేదీన కాస్ట్, ఇప్పటి కాస్ట్, జమ అయిన రసీదుల నంబర్లు, తేదీలు. కాస్ట్ మార్చిన చోట ఎడిట్ లాగ్ కూడా అడగండి. అది లేదని కంపెనీ అనడం కష్టం. 2023 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు, కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ తేదీతో నమోదు చేయాలని, ఆ సౌకర్యాన్ని ఆపివేయకూడదని కంపెనీల అకౌంట్స్ నియమాల్లో ఉంది. కాస్ట్ రహస్యమని అంటే, రహస్యంగా ఉంచుతామన్న హామీ మీద మీ తరఫు చార్టర్డ్ అకౌంటెంటుకు చూపమని ప్రతిపాదించండి. ఆ మాటనూ కాదంటే కోర్టులో అది మీకే పనికొస్తుంది. ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు ఉంటే దావాకు బదులు ఆ దారిలో వెళ్లాలి.

మీకు ఈమెయిల్‌లో వచ్చిన స్టేట్‌మెంట్లను తుడిచేయకండి. వాటి ప్రింటును కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. నెలవారీ స్టేట్‌మెంటు మీద ‘పూర్తిగా ముట్టింది’ అని సంతకం అడిగితే, ‘అభ్యంతరంతో స్వీకరించాను’ అని రాసి సంతకం చేయండి.

పార్టీల దగ్గర మీరే వసూలు చేసే పద్ధతి ఉంటే ఒక జాగ్రత్త. కమీషన్‌ను పట్టుకుని మిగతాది కట్టే హక్కు కాంట్రాక్టు చట్టం 217వ సెక్షన్ ఏజెంటుకు ఇస్తుంది. కానీ మొత్తమే వివాదంలో ఉన్నప్పుడు ఆ హక్కు వాడితే నమ్మకద్రోహం కింద క్రిమినల్ ఫిర్యాదు వచ్చే ప్రమాదం ఉంది. వసూలు చేసింది మొత్తం కట్టి, తేడా కోసం విడిగా పోరాడడం మేలు.

గడువు మూడేళ్లు. ఏ నెల కమీషన్‌కు ఆ నెల నుంచే అది నడుస్తుంది కాబట్టి, పాత నెలలు ఒక్కొక్కటిగా చేజారుతుంటాయి. గడువులోపల కంపెనీ బాకీని సంతకంతో రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఆ తేదీ నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. నోటీసు పంపినంత మాత్రాన గడువు పెరగదు.