నికెల్-ఐరన్ బ్యాటరీ ముప్పై ఏళ్ళు వస్తుందంటారు కదా, మరి ఎవరూ ఎందుకు వాడరు? ఇంట్లో ఇన్వర్టర్‌కి పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. కాకపోతే మీ ఇన్వర్టర్ ఒప్పుకోదు. ఈ ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే రెండు నెలలు తల పట్టుకుని కూర్చునేవాణ్ణి కాదు.

నా దగ్గర పది సెల్స్ ఉన్నాయి, ఒక్కోటి 100 ఆంపియర్ అవర్. సోలార్ సెట్టు విప్పేస్తున్న ఒకాయన దగ్గర తీసుకున్నాను. అవి ఎన్నేళ్ళవో ఆయనకే తెలియదు. కొన్నేళ్ళుగా ఛార్జింగే లేకుండా మూల పడి ఉన్నాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అలా పడి ఉంటే ఇక పాత సామాన్ల వాడికి ఇచ్చేయాల్సిందే. వీటి మూతల చుట్టూ మాత్రం తెల్లటి పొర కట్టి ఉంది, అంతే. లోపలున్నది పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. అది గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ని పీల్చుకుని మెల్లగా కార్బనేట్‌గా మారిపోతుంది, దాంతో కెపాసిటీ తగ్గుతుంది. ప్లేట్లు బాగానే ఉంటాయి. పాత ద్రావణం వంపేసి, ప్లేట్లు గాలికి ఆరిపోకముందే కొత్తది పోశాను. దాన్లో కొద్దిగా లిథియం హైడ్రాక్సైడ్ కూడా కలపాలి, పాజిటివ్ ప్లేటుకి అది మంచిది. చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు లేకుండా మాత్రం ఈ పని చేయకండి, ఆ క్షారం చర్మాన్ని తినేస్తుంది. తర్వాత నాలుగైదుసార్లు పూర్తిగా ఛార్జ్ చేసి, పూర్తిగా ఖాళీ చేశాను. మొదటిసారి 40 ఆంపియర్ అవర్ ఇచ్చినవి, చివరికి 85 దాకా వచ్చాయి.

ఆ ఆనందంలో ఇన్వర్టర్‌కి తగిలించాను. మూడు వారాలు తిరిగేసరికి రాత్రి గంటన్నర కూడా రావడం లేదు. సెల్స్ పోయాయనుకున్నాను. హైడ్రోమీటర్ పెట్టి చూస్తే నిండా ఛార్జ్ అయినప్పుడూ అదే అంకె, ఖాళీ అయినప్పుడూ అదే అంకె. లెడ్ బ్యాటరీలో యాసిడ్ కూడా రియాక్షన్‌లో ఖర్చవుతుంది కాబట్టి దాని సాంద్రత చూసి ఛార్జ్ ఎంతుందో చెప్పొచ్చు. ఇందులో ద్రావణం దాదాపు సాక్షిలా నిలబడి చూస్తుందంతే. ఆ అంకెతో ఉపయోగం లేదు.

చివరికి మీటర్ పెట్టి ఒక్కో సెల్ ఓల్టేజి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఈ సెల్ నిండాలంటే 1.65 ఓల్టులకి పైగా ఇవ్వాలి, అంటే పది సెల్స్‌కి 16.5. ఇన్వర్టర్ లెడ్ బ్యాటరీ లెక్కన 14.4 దగ్గరే ఆగిపోతోంది. ఒక్కో సెల్‌కి 1.44 మాత్రమే, సగం కడుపు కూడా నిండదు. సరే, ఒక సెల్ తీసేసి తొమ్మిదితో ప్రయత్నించాను. ఇప్పుడు ఒక్కోదానికి 1.6 వస్తోంది, ఛార్జ్ ఫర్వాలేదు. కానీ వాడుకునేటప్పుడు ఇన్వర్టర్ 10.8 దగ్గర కట్ చేసేస్తుంది. తొమ్మిదితో భాగిస్తే సెల్‌కి 1.2. నికెల్-ఐరన్ సెల్ 1.0 దాకా దిగుతూ కరెంటు ఇవ్వగలదు, 1.2 దగ్గర ఇంకా చాలా మిగిలే ఉంటుంది. పది పెడితే నిండదు, తొమ్మిది పెడితే ఖాళీ అవ్వదు! వేరే ఛార్జ్ కంట్రోలర్ తెచ్చుకుని, ఎక్కువ ఓల్టేజి తట్టుకునే ఇన్వర్టర్ పెడితే గానీ పని జరగలేదు. బ్యాటరీ అంటే లెడ్ ఒక్కటే అన్నట్టు సెట్టింగులు బిగించేసి అమ్మేవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇక వృథా సంగతి. రోజూ 60 ఆంపియర్ అవర్ వాడుకుంటే తిరిగి నింపడానికి దాదాపు 80 పెట్టాల్సి వస్తోంది. పైగా 1.6 దగ్గర పెట్టి 1.2 దగ్గర తీసుకుంటున్నాను. నాలుగింట మూడు వంతులు, అందులో మళ్ళీ నాలుగింట మూడు వంతులు. పెట్టిన కరెంటులో చేతికొచ్చేది సగానికి కాస్త ఎక్కువ. ఆ ఎక్కువ పోసిన 20 ఆంపియర్ అవర్ ఏమైపోయిందంటే, నీళ్ళని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టింది. ఒక్క ఆంపియర్ అవర్‌కి సెల్‌కి గ్రాములో మూడో వంతు నీళ్ళు పోతాయి. పది సెల్స్‌కి రోజుకి 67 మిల్లీ లీటర్లు, నెలకి రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్. రోజూ 80 లీటర్లకి పైగా హైడ్రోజన్ కూడా వస్తుంది కాబట్టి మూసిన గదిలో పెట్టే ఆలోచనే వద్దు. నావి బయట నాలుగు వైపులా గాలి వచ్చే షెడ్డులో ఉన్నాయి.

ఇదంతా ఇనుము స్వభావం వల్లే. ఇనుము ఛార్జ్ అవ్వాల్సిన ఓల్టేజికీ, నీళ్ళ నుంచి హైడ్రోజన్ పుట్టే ఓల్టేజికీ మధ్య తేడా చాలా తక్కువ, అదీ నీళ్ళకే అనుకూలంగా ఉంటుంది. అందుకే మీరు పోసే కరెంటులో కొంత నీళ్ళు లాగేసుకుంటాయి. ఛార్జ్ చేసి ఊరికే ఉంచినా ఆ ఇనుమే నీళ్ళతో మెల్లగా కలబడుతూ రోజుకి సుమారు ఒక శాతం పోగొట్టుకుంటుంది. నెల్లాళ్ళు ఎక్కడికైనా వెళ్ళొచ్చారనుకోండి, పావు వంతు మాయం.

ముప్పై ఏళ్ళ ఆయుష్షు కూడా ఈ ఇనుము పుణ్యమే. డిస్చార్జ్ అయినప్పుడు ఏర్పడే ఐరన్ హైడ్రాక్సైడ్ ఆ క్షారంలో కరగదనే చెప్పాలి. పుట్టిన చోటే ఉండి, ఛార్జ్ చేయగానే అక్కడే మళ్ళీ ఇనుముగా మారుతుంది. ఇంకోచోటికి కొట్టుకుపోయి సూదుల్లా పెరిగి ప్లేట్లని షార్ట్ చేయడం ఉండదు. లెడ్ ప్లేట్లలోలా సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా బిగుసుకుపోవడం లేదు. ప్లేట్లకి ఆధారంగా ఉండేది నికెల్ పూత పూసిన ఉక్కు, క్షారంలో దాన్ని తుప్పు తినదు. మరి అంత మొండిగా కరగకపోవడం వల్లే రియాక్షన్ నిదానం. ఒక్కసారిగా పెద్ద కరెంటు లాగితే ఓల్టేజి కుంగుతుంది. మోటార్ స్టార్ట్ చేద్దామని ఆశపడకండి.

బరువు చూస్తే నా పది సెల్స్ డెబ్భై కిలోలపైనే. అంతే శక్తి ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని ఒక చేత్తో లేపొచ్చు.

వీడియోల్లో ఒక కథ చెబుతుంటారు. ఎడిసన్ ఎలక్ట్రిక్ కార్ల కోసం తయారుచేసిన ఈ బ్యాటరీ కంపెనీని ఎక్సైడ్ 1972లో కొని, 1975లో మూసేసిందని, చావులేని బ్యాటరీని కావాలనే చంపేశారని. కొన్నదీ మూసినదీ నిజమే. కానీ సగం కరెంటు మింగేసి, నెలకి రెండు లీటర్ల నీళ్ళు తాగే సరుకుని చంపడానికి కుట్ర ఎందుకండీ? పగలంతా సోలార్ కరెంటు మిగిలిపోతూ, నీళ్ళు పోసే ఓపిక, బరువు మోసే స్థలం ఉన్నవాళ్ళకి ఇప్పటికీ బానే ఉంటుంది. నాకు మిగిలిపోతుంది కాబట్టి వాడుతున్నాను. కరెంటు బిల్లు కట్టి ఛార్జ్ చేసుకునేవాళ్ళకి వద్దనే చెబుతాను.

మరొకటి, లెడ్ బ్యాటరీలో పెట్టిన హైడ్రోమీటర్ గానీ గరాటా గానీ వీటిలో పెట్టకండి. యాసిడ్ పడితే ప్లేట్లు పాడవుతాయి. నేను ఆ రోజు పెట్టింది కొత్త హైడ్రోమీటర్ కాబట్టి బతికిపోయాను, మా తమ్ముడు షెడ్డులో ఉన్న పాతది పట్టుకొస్తుంటే గుమ్మంలోనే ఆపాను.