లెక్క వచ్చేసిన పిల్లలకు సూచనలు ఎప్పుడు ఆపాలి?

తల్లీ,

మొన్న నువ్వు ఫోన్‌లో చెప్పిన సంగతే ఈ రెండు రోజులూ ఆలోచిస్తున్నాను. ఎనిమిదో తరగతికి ఏకచర రేఖీయ సమీకరణాలు చెబుతూ ప్రతి లెక్కనూ బోర్డు మీద లైను లైనుగా చేసి చూపిస్తున్నావు. వర్క్‌షీట్‌లో కూడా ప్రతి లైను పక్కన "ఇక్కడ బ్రాకెట్ తీయాలి", "ఇక్కడ పక్షాంతరం చేయాలి" అని రాసి ఇస్తున్నావు. మొదటి వారం క్లాసంతా అందుకుంది. మూడో వారానికి వచ్చేసరికి బాగా చేసే ఏడెనిమిది మంది నెమ్మదించారని, తప్పులు కూడా చేస్తున్నారని బాధపడ్డావు. వాళ్లకు శ్రద్ధ తగ్గిందని అనుకోకు. మొదటి వారం వాళ్లకు పనికొచ్చిన సాయమే ఇప్పుడు అడ్డుపడుతోంది.

దీనికి ఎక్స్‌పర్టైజ్ రివర్సల్ ఎఫెక్ట్ అని పేరుంది. ఆస్ట్రేలియాలో విద్యా పరిశోధకులు స్లావా కల్యూగా, జాన్ స్వెల్లర్, వాళ్ల తోటివాళ్లు 2003లో రాసిన వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది. అంతకు ముందే, 1985లో, స్వెల్లర్, గ్రహమ్ కూపర్ కలిసి బీజగణితం మీద ప్రయోగాలు చేశారు. కొత్తగా నేర్చుకునే పిల్లలు లెక్కల మీద లెక్కలు సొంతంగా చేయడం కంటే, పూర్తిగా చేసి ఉన్న లెక్కను చదివి అలాంటిదే ఒకటి చేసినప్పుడు త్వరగా నేర్చుకున్నారు. నువ్వు చేస్తున్నదీ అదే కాబట్టి నీ మొదటి వారం పద్ధతిలో తప్పేమీ లేదు. 2001లో కల్యూగా బృందం యంత్రాల పని నేర్చుకునే అప్రెంటిస్‌లకు రిలే సర్క్యూట్ల పాఠం చెప్పి చూసినప్పుడు మాత్రం ఇంకో సంగతి బయటపడింది. మొదట్లో చేసి చూపిన ఉదాహరణలే మేలుగా ఉన్నాయి. సాధన పెరిగాక సొంతంగా చేసుకోవడమే మేలైంది. మనుషులు వాళ్లే, పాఠమూ అదే, ఫలితం మాత్రం తిరగబడింది.

కారణం మన బుర్ర పనిచేసే తీరులో ఉంది. కొత్త విషయాలను ఒకేసారి నాలుగైదుకు మించి మనసులో పట్టి ఉంచలేం. కొత్త పిల్లకు `3(x+2) − 5 = 2x + 7` ఇస్తే బ్రాకెట్టు, గుర్తులు, ఏది ఏ పక్కకు వెళ్లాలి, చివరికి కావలసిందేమిటి, ఇవన్నీ ఒకేసారి మోయాలి. నీ సూచనలు ఆ బరువు తగ్గిస్తాయి. లెక్క వచ్చేసిన పిల్లకు అవన్నీ కలిసి ఒకే ముద్దగా గుర్తుంటాయి. లెక్క చూడగానే దారి కనిపిస్తుంది. పక్కనే నీ సూచనలూ కనిపిస్తాయి. కళ్ల ముందు ఉన్నదాన్ని చదవకుండా ఉండటం కష్టం కదా. చదివి, తన దారికీ నీ దారికీ పొత్తు కుదురుతోందో లేదో ప్రతి లైనులోనూ చూసుకోవాలి. కొత్తపిల్లకు తగ్గించిన బరువే ఆ పిల్ల నెత్తిన పెట్టినట్టవుతుంది.

ఈ లెక్క చూడు.

`7(x−3) + 2(x−3) = 45`

నీ వర్క్‌షీట్ పద్ధతిలో మొదట బ్రాకెట్లు తీయాలి. `7x − 21 + 2x − 6 = 45`, తర్వాత `9x − 27 = 45`, తర్వాత `9x = 72`, అప్పుడు `x = 8`. కొత్తవాళ్లకు ఇది నమ్మకమైన దారి. బాగా వచ్చిన పిల్ల `(x−3)`ని ఒకే వస్తువుగా చూస్తుంది. అవి ఏడు, ఇంకో రెండు, మొత్తం తొమ్మిది. తొమ్మిది కలిస్తే 45 కాబట్టి ఒకటి 5, అంటే `x = 8`. "మొదట బ్రాకెట్ తీయి" అని పక్కనే రాసి ఉంటే ఆ పిల్ల ఈ చూపు వదిలేసి, అవసరం లేని నాలుగు గుణకారాలు చేస్తుంది. గుర్తులు తప్పేది అక్కడే.

నేను పదో తరగతికి చెప్పే రోజుల్లో ఈ తప్పు చేశాను. ఒక కుర్రాడు `x² − 7x + 12 = 0` చూడగానే 3, 4 అన్నాడు. మధ్య పదాన్ని విడగొట్టి అన్ని సోపానాలూ రాస్తే గాని ఒప్పుకోనన్నాను. వాడు `x(x−3) − 4(x+3)` అని రాసి, ముందుకు పోలేక ఆగిపోయాడు. ముందే తెలిసిన జవాబుకు కింద నుంచి పైకి సోపానాలు అతికిస్తున్నాడని నాకు అప్పుడు తట్టలేదు. శ్రద్ధ లేదని తిట్టాను. ఆ తిట్టు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నీ క్లాసులోనూ ఇలాంటి ఆనవాళ్లు వెతుకు. జవాబు ముందు రాసి పైన ఖాళీ వదిలారా? సూచనలు లేని లెక్క త్వరగా చేసి, సూచనలున్నదాని దగ్గర తడబడుతున్నారా? "టీచర్, ఇదంతా రాయాలా?" అని అడుగుతున్నారా? అయితే సూచనలు తీసేసే వేళ అయింది.

ఎవరికి తీసెయ్యాలో తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. కల్యూగా, స్వెల్లర్ 2004లో చూపిన ఉపాయం ఒకటుంది. సమీకరణం ఇచ్చి, కొద్ది సెకన్లలో తర్వాతి అడుగు ఒక్కటే రాయమనాలి. పై లెక్కే బోర్డు మీద రాసి, చిన్న చీటీలు పంచి, ఇరవై సెకన్లు ఇవ్వు. `7x − 21 + 2x − 6 = 45` అని రాసిన పిల్లకు పద్ధతి తెలుసు, కానీ ఇంకా ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. `9(x−3) = 45` అని రాసినవాళ్లు దాటేశారు. `x − 3 = 5` అని గానీ `x = 8` అని గానీ రాసినవాళ్లకు వర్క్‌షీట్ పక్కన సూచనలు ఒక్కటి కూడా వద్దు. ఏమీ రాయలేకపోయినవాళ్లకు, `7x − 3` అని మొదలుపెట్టినవాళ్లకు పూర్తి ఉదాహరణ ఇంకా కావాలి. ఒక్క లెక్కతో తేల్చకు, మూడు నాలుగు రకాలు ఇచ్చి చూడు.

మధ్యలో ఉన్నవాళ్లకు సాయం ఒక్కసారిగా ఆపకూడదు. చివరి లైను నుంచి ఒక్కొక్కటే తీసేస్తూ రా. `5(x+1) − 3 = 2x + 14` తీసుకుందాం. మొదటి లెక్క మొత్తం చేసి ఇవ్వు. అలాంటి రెండోదాంట్లో `3x = 12` లాంటి లైను వరకు నువ్వు రాసి, చివరి లైను వాళ్లకు వదులు. మూడోదాంట్లో `5x + 2 = 2x + 14` లాంటి లైను దగ్గర ఆగు. నాలుగోది మొత్తం వాళ్లదే. ఎక్కడ ఆగిపోతున్నారో అక్కడికే వెనక్కి వెళ్లు, మళ్లీ మొదటికి వద్దు.

పరీక్షలో సోపానాలకు మార్కులుంటాయి కదా అని నీకు టెన్షన్ ఉంటుంది. నిజమే. కానీ లెక్క చేయడం వేరు, దిద్దేవాళ్ల కోసం రాయడం వేరు. దానికి వారంలో ఒక పీరియడ్ కేటాయించు. పిల్లలు ముందు తమ దారిలో చేసుకుని, తర్వాత శుభ్రంగా సోపానాలతో రాస్తారు. నేను ఆ కుర్రాడి దగ్గర ఆ రెండింటినీ కలిపేశాను.

ఇంకొక్కటి. ఆ ఏడెనిమిది మందినీ తెలివైనవాళ్లని గుంపుగా కట్టకు. వాళ్లకు వచ్చింది రేఖీయ సమీకరణాలు మాత్రమే. కారణాంక విభజన మొదలయ్యే రోజు వాళ్లూ అందరితో పాటు కొత్తవాళ్లే, మొదటి ఉదాహరణ మొత్తం చేసి చూపించాల్సిందే. ఇప్పుడు వెనకబడినవాళ్లలో ఒకరిద్దరు అక్కడ ముందుండొచ్చు. అందుకే ప్రతి పాఠానికీ చీటీలు మళ్లీ పంచు.

పంచిన చీటీలు పారేయకు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ మేనమామ