నీ ± గుర్తు ఒకటి చెప్పింది, నీ ముగింపు ఇంకొకటి

చిరంజీవికి,

లోలకంతో గురుత్వ త్వరణం g కొలిచి నువ్వు పంపిన రిపోర్టు చదివాను. తప్పుపడిన రీడింగును చెరిపేయకుండా ఒక్క గీత కొట్టి అలాగే ఉంచావు, అది నచ్చింది. కానీ నాచేత ఈ ఉత్తరం రాయించింది ఆఖరి పేజీ. అక్కడ ఇలా ఉంది: "మాకు వచ్చిన g విలువ 9.672. అసలు విలువ 9.81. దోషం 1.4 శాతం మాత్రమే. కాబట్టి ప్రయోగ దోష పరిధిలో ఫలితం సరిపోయింది." దీనికి రెండు లైన్ల పైన నీ చేత్తో నువ్వే రాసుకున్నావు: g = 9.672 ± 0.015.

ఈ రెండూ ఒకే పేజీలో ఎలా ఉన్నాయి? ± 0.015 అని రాశావంటే, విలువ దాదాపు 9.66కీ 9.69కీ మధ్య ఉంటుందని నీకు గట్టి నమ్మకం ఉందని అర్థం. 9.81 ఆ దరిదాపుల్లో లేదు. తేడా 0.138. నువ్వు ఒప్పుకున్న అనిశ్చితికి అది తొమ్మిది రెట్లు. నీ లెక్క "సరిపోలేదు" అంటుంటే నీ వాక్యం "సరిపోయింది" అంటోంది. లెక్క ఎంతో కష్టపడి చేసి, తీర్పు చెప్పాల్సిన చోట దాన్ని పక్కన పెట్టేశావు.

ఆ 1.4 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? పుస్తకంలోని విలువతో తేడా తీసి, శాతంగా మార్చావు. అది నీ కొలత ఎంత గట్టిదో చెప్పదు. పుస్తకానికి ఎంత దూరంలో ఉన్నావో మాత్రమే చెబుతుంది. ఆ దూరం ఎక్కువా తక్కువా అన్నది నీ ± తేల్చాలి. కొలతలో అయిదు శాతం అనిశ్చితి ఉంటే 1.4 శాతం తేడాను పట్టించుకోనక్కర్లేదు. 0.15 శాతమే ఉందంటే, ఆ తేడా గురించే రిపోర్టంతా రాయాలి. "రెండు శాతం లోపు కాబట్టి మంచిదే" అనే అలవాటు నీకు ఎవరు నేర్పారో నాకు తెలుసు. మా రోజుల్లోనూ ప్రాక్టికల్ పరీక్షలో పుస్తకం విలువకు ఎంత దగ్గరగా వస్తే అన్ని మార్కులు. దాంతో జవాబు ముందు రాసుకుని రీడింగులు వెనక నింపే విద్య క్లాసంతా నేర్చుకుంది. ఆ పరీక్షకుడి మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇక ఆ 0.015 సంగతి. అది కూడా నిలబడదు. కాలంలో దోషం కింద స్టాప్ వాచ్ కనీసపు కొలత, అంటే 0.01 సెకను, తీసుకున్నావు. స్టాప్ వాచ్ నూరో వంతు చూపిస్తుంది నిజమే. బటన్ నొక్కేది మాత్రం నీ వేలు. ఆ వేలు ఎంత అటూ ఇటూ అవుతుందో నీ పట్టికే చెబుతోంది. ఇరవై డోలనాలకు నీకు వచ్చిన కాలాలు 39.91, 40.12, 39.98, 39.87, 40.12 సెకన్లు. సగటు 40.00. దోషం నూరో వంతే అయితే ఈ అయిదు రీడింగులూ రెండో దశాంశంలో మాత్రమే తేడా పడాలి. ఇక్కడ గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య పావు సెకను ఉంది. ప్రామాణిక విచలనం కడితే 0.12 సెకను వస్తుంది. చేత్తో నొక్కే స్టాప్ వాచ్‌తో అంత రావడం మామూలే. అయిదు రీడింగుల సగటు కాబట్టి దాన్ని అయిదు వర్గమూలంతో భాగిస్తే 0.05 సెకను. నీ సగటులో ఉన్న అనిశ్చితి అదీ. నువ్వు వేసిన దానికి అయిదు రెట్లు.

40 సెకన్లలో 0.05 అంటే 0.13 శాతం. సూత్రంలో, g = 4π²L/T², ఒక డోలనానికి పట్టే కాలం T కి వర్గం ఉంది కాబట్టి g లోకి వచ్చేసరికి అది రెట్టింపై 0.26 శాతం అవుతుంది. పొడవు 98.0 సెంటీమీటర్లకు నువ్వు వేసిన ఒక మిల్లీమీటరు దోషం సబబే, అది 0.10 శాతం. ఈ రెండింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు, రెండూ ఒకే వైపు లాగాలని లేదు. అందుకే నేరుగా కూడకుండా వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. 0.28 శాతం వస్తుంది. కాబట్టి నీ ఫలితం 9.67 ± 0.03. అనిశ్చితి రెండో దశాంశంలోనే ఉన్నప్పుడు 9.672లో ఆ చివరి 2కి పని లేదు, తీసేయి.

ఇప్పుడు మళ్లీ చూడు. తేడా 0.14, అనిశ్చితి 0.03 లోపు. ఇంకా అయిదు రెట్లు ఉంది. నీ ± ను న్యాయంగా పెంచాక కూడా తేడా లొంగలేదు. "9.81" కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. భూమధ్యరేఖ దగ్గర సముద్రమట్టంలో g సుమారు 9.78, ధ్రువాల దగ్గర 9.83. నువ్వు ఎక్కడ ఉన్నావో చూసి ఆ చోటి విలువతో పోల్చాలి. కానీ అన్నిటికంటే తక్కువ విలువ 9.78 తీసుకున్నా నీ ఫలితం దానికి చాలా కిందే ఉంది. ఇలాంటి తేడా కాకతాళీయంగా వచ్చిందని అనుకోవడానికి వీల్లేదు. రీడింగుల్లో అటూ ఇటూ ఊగే దోషం కాకుండా, ప్రతిసారీ ఒకే వైపు నెట్టే క్రమ దోషం ఇందులో ఎక్కడో ఉంది. వందసార్లు కొలిచి సగటు తీసినా అది పోదు.

నువ్వు మాత్రం కారణాల దగ్గర "గాలి నిరోధం, మానవ తప్పిదాలు" అని రాసి ఊరుకున్నావు. ఈ మాట ప్రతి రిపోర్టులోనూ చదివి చదివి విసిగిపోయాను. కారణం రాస్తే దానికి ఒక అంకె ఉండాలి. గాలి అన్నావు కదా, లెక్క కట్టు. ఇత్తడి గుండు సాంద్రతలో గాలి సాంద్రత సుమారు ఏడువేలో వంతు. గాలి గుండును పైకి తేల్చడం వల్ల g లో వచ్చే మార్పు 0.015 శాతం దగ్గర. నీకు కావాల్సింది 1.4 శాతం. అది వంద రెట్లు చిన్నది. మరి ఎక్కువ కోణంలో వదిలావా? కోణం పెరిగితే కాలం పెరుగుతుంది, g తగ్గుతుంది, కాబట్టి దిశ సరిపోయింది. పది డిగ్రీలకు T సుమారు 0.19 శాతం పెరుగుతుంది, అంటే g లో 0.38 శాతం. ఇది తీసిపారేయదగ్గది కాదు. కానీ మొత్తం తేడాకు ఇదే కారణం కావాలంటే గుండును దాదాపు పంతొమ్మిది డిగ్రీలు లాగి వదలాలి, అంత ఊపు ఇరవై డోలనాల పాటూ తగ్గకూడదు. నువ్వు అయిదు డిగ్రీలే అని రాశావు. కనుక అదీ కాదు.

మొదటి పేజీకి వెళ్లు. పరికరాల జాబితాలో వెర్నియర్ కాలిపర్స్ ఉంది. గుండు వ్యాసం 2.50 సెంటీమీటర్లు అని కొలిచి రాసుకున్నావు. ఆ తర్వాత రిపోర్టంతా వెతికాను, ఆ అంకె మళ్లీ ఎక్కడా కనిపించలేదు. పొడవు 98.0 అన్న చోట "దారం పొడవు" అని ఉంది. సూత్రంలోని L దారం పొడవు కాదు, వేలాడదీసిన బిందువు నుంచి గుండు కేంద్రం దాకా ఉన్న దూరం. వ్యాసార్ధం 1.25 కలిపితే 99.25 అవుతుంది. g 9.80 ± 0.03 వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక, నాకు దీని మీద పట్టుదల ఎక్కువ. వ్యాసార్ధం కలపాల్సింది సూత్రం అడుగుతోంది కాబట్టి. కలిపితే జవాబు 9.81 దగ్గరికి వచ్చింది కాబట్టి కాదు. జవాబు నచ్చగానే వెతకడం ఆపేసేవాళ్లను చాలామందిని చూశాను. నేను చదువుకున్న రోజుల్లో ఒక మాస్టారు ఏ పుస్తకంలోనూ విలువ దొరకని స్ప్రింగు ఒకటి ఇచ్చి దాని స్థిరాంకం కనుక్కోమన్నారు. "ఎంత రావాలి సార్?" అని అందరం అడిగాం. ఆయన చెప్పలేదు. ముగింపు రాయడానికి ± తప్ప ఇంకేమీ మిగల్లేదు మాకు. ఒకరి ఫలితం ఇంకొకరి ఫలితంతో పోల్చుకుంటూ, ఎవరి కొలత ఎక్కడ వాలిందో వెతుక్కుంటూ సాయంత్రం దాకా కూర్చున్నాం. అనిశ్చితి అంటే ఏమిటో నాకు ఆరోజు తెలిసింది.

పెద్దవాళ్లకూ ఇదే పరిస్థితి వస్తుంది. 2011లో ఒపేరా అనే ప్రయోగ బృందం, సెర్న్ నుంచి సుమారు 730 కిలోమీటర్ల దూరంలో ఇటలీలో ఉన్న గ్రాన్ సాసో ప్రయోగశాలకు న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందు చేరుతున్నట్టు చూసింది. వాళ్ల అనిశ్చితి పది దగ్గర. అంటే తేడా ఆరు రెట్లు, నీది అయిదు రెట్లు. వాళ్లు "కొద్ది తేడాయేలే" అనలేదు, "ఐన్‌స్టీన్ తప్పు" అని కూడా రాయలేదు. మా లెక్కలో ఉన్న దోషాలతో ఇది కుదరడం లేదు, మీరూ పరిశీలించండి అన్నారు. మరుసటి ఏడాది అసలు సంగతి బయటపడింది. సరిగ్గా బిగించని ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్ ప్రధాన కారణం. లెక్కలో వేసిన దోషాల పట్టికలో అది లేదు, నీ పట్టికలో వ్యాసార్ధం లేనట్టే. అయినా అప్పట్లో పత్రికల హెడ్డింగులు చూడాల్సింది, అనిశ్చితి గురించి ఒక్క ముక్క లేదు.

ఈ విషయంలో ఎడిటర్లతో నాకు పాత తగాదా ఉంది. ఒకాయన నా వ్యాసంలోని ± అంకెలన్నీ కొట్టేసి, "పాఠకులు తికమక పడతారండీ" అన్నాడు. "సూచిస్తోంది" అని నేను రాసిన చోట "నిరూపించారు" అని పెట్టాడు. వ్యాసం వెనక్కి తీసుకున్నాను. అది ఇంకెక్కడా రాలేదు, డబ్బూ రాలేదు. దానికి నాకేమీ విచారం లేదు. ఆ ± తీసేస్తే 9.80 అన్నది కొలిచిన విలువో, ఊహించిన విలువో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

నీ ముగింపు ఇలా ఉంటే నాకు పేచీ లేదు: "దారం పొడవును L గా తీసుకుంటే g = 9.67 ± 0.03 m/s² వచ్చింది. ఇది ఈ ప్రాంతపు విలువతో సరిపోలేదు, తేడా అనిశ్చితికి నాలుగైదు రెట్లు. గుండు వ్యాసార్ధం కలపకపోవడం వల్ల L 1.25 సెం.మీ. తక్కువైంది. సరిచేస్తే 9.80 ± 0.03. ఈ అనిశ్చితిలో తేడా ఏమీ కనిపించడం లేదు." ఆఖరి వాక్యం జాగ్రత్తగా చూడు. g సరిగ్గా 9.81 అని "నిరూపించాం" అనడం లేదు. 9.78 అయినా 9.82 అయినా ఈ కొలత అభ్యంతరం చెప్పలేదు. భూమధ్యరేఖకూ ధ్రువానికీ ఉన్న తేడా 0.05. దాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే ± 0.01 దాకా అయినా దిగాలి. అంటే ఇరవై డోలనాలు చాలవు, వంద లెక్కపెట్టాలి. అప్పుడు వేలి దోషం అంతే ఉండి, మొత్తం కాలం అయిదు రెట్లవుతుంది. దాని తర్వాత పొడవులోని ఆ ఒక్క మిల్లీమీటరే నీకు పెద్ద అడ్డం.

వ్యాసార్ధం అనుమానాన్ని నా మాట మీద నమ్మకు. పొడవు 40 నుంచి 100 సెంటీమీటర్ల దాకా ఆరేడు చోట్ల మార్చి, దారం పొడవుకూ T² కీ గ్రాఫు గీయి. గీతను బలవంతంగా మూలబిందువు గుండా లాగకు, పాయింట్లు ఎటు పోతే అటు పోనీ. నా అనుమానం నిజమైతే గీత పొడవు అక్షాన్ని సున్నా దగ్గర కాకుండా మైనస్ 1.25 దగ్గర కోస్తుంది, వాలు నుంచి వచ్చే g కి ఈ దోషం అంటనే అంటదు. అక్కడ కోయకపోతే కారణం ఇంకేదో ఉందన్నమాట. ఆ గ్రాఫూ, పచ్చి రీడింగులూ పంపు. ఫెయిర్ చేయనక్కర్లేదు.

ఆశీస్సులతో,
మాస్టారు