బావగారిని వైజాగ్ తీసుకెళ్ళే ముందు

చిట్టీ,

నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. డిసెంబర్‌లో నాలుగు రోజులు, అందులో కైలాసగిరి, సబ్‌మెరైన్, సింహాచలం, రుషికొండ, అరకు, బొర్రా గుహలు. నడిచేవాళ్ళకైనా అది పరుగు కిందే లెక్క. మీ అత్తని వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టుకుని పదకొండేళ్ళుగా తిరుగుతున్నాను, వైజాగ్‌కే రెండుసార్లు వెళ్ళొచ్చాం. వీల్‌చెయిర్‌లో ఉన్న నాన్నని తీసుకెళ్ళాలన్న నీ ఆలోచన చాలా బాగుంది. ఆ జాబితాలో మాత్రం సగం కొట్టేయాలి. ఎందుకో రాస్తాను.

మీరు ఏం చూడాలన్నది పక్కన పెట్టి, ముందు పడుకునే గది చూడు. మొదటిసారి వెళ్ళినప్పుడు హోటల్‌కి ఫోన్ చేసి "వీల్‌చెయిర్ వస్తుందా" అని అడిగాను. "వస్తుందండీ, ర్యాంప్ ఉంది, లిఫ్ట్ ఉంది" అన్నారు. రెండూ నిజంగానే ఉన్నాయి. బాత్‌రూమ్ తలుపు మాత్రం ఇరవై రెండు అంగుళాలు, మా చెయిర్ ఇరవై ఐదు. పైగా నాలుగంగుళాల గడప. మూడు రోజులూ మీ అత్తని బాత్‌రూమ్‌కి ఎత్తుకునే తీసుకెళ్ళాను. రెండో రోజుకి నా నడుము పట్టేసింది. నన్ను ఇబ్బంది పెట్టకూడదని ఆవిడ నీళ్ళు తాగడం తగ్గించేసింది. నాన్న కూడా అదే చేస్తారు, నాకు బాగా తెలుసు.

అందుకే ఫోన్‌లో "ఉందా, లేదా" అని అడగొద్దు. మూడు ఫోటోలు అడుగు. ఒకటి బాత్‌రూమ్ తలుపు బార్లా తీసి, ఆ సందులో టేపు పెట్టి తీసినది. గోడ నుంచి గోడకి కొలిస్తే లాభం లేదు. తీసిన తలుపు మందం కూడా అంగుళంన్నర తినేస్తుంది, కాబట్టి తలుపు అంచు నుంచి ఎదుటి చట్రం దాకా ఖాళీ ఎంతో చూడాలి. రెండోది కమోడ్ పక్కన ఎంత చోటుందో తెలిసేలా తీసినది. మూడోది మంచం పక్కన టేపు నిలబెట్టి తీసినది. నాన్న చెయిర్ సీటు ఎత్తు, దిండుతో కలిపి, ముందు నువ్వు ఇంట్లో కొలిచి పెట్టుకో. మంచం దానికి రెండు మూడంగుళాల తేడాలో ఉంటే పక్కకి జరగడం సులువు. ఇప్పుడు పెద్ద హోటళ్ళలో పరుపు మీద పరుపు వేసి ఎత్తు పెంచేస్తున్నారు. అలా ఉంటే పైదొకటి తీసేయమని ముందే చెప్పు.

చెయిర్ అసలు వెడల్పు కూడా కొలిచి చూడు. పద్దెనిమిది అంగుళాల సీటని కొన్నా, చేత్తో తోసుకునే రిమ్ముతో కలిపితే ఇరవై ఐదు దాకా వస్తుంది. తలుపు ఒకటి రెండు అంగుళాలే తక్కువైతే, బందుల నుంచి తలుపు ఊడదీసి కర్టెన్ కట్టమని అడగొచ్చు. రెండోసారి మేమున్న చోట వాళ్ళ మనిషి వచ్చి పది నిమిషాల్లో చేసిపెట్టాడు. అంతకంటే ఎక్కువ తేడా ఉంటే మరో హోటల్ చూడు. గది బీచ్ రోడ్డుకి దగ్గరగా ఉండాలి, డబ్బు కాస్త ఎక్కువైనా సరే. దారిలో నాన్నకి పనికొచ్చే టాయిలెట్ దొరుకుతుందని నమ్ముకోకు. పది నిమిషాల్లో గదికి చేరగలిగితేనే ఆయన కడుపునిండా తిని, దాహం తీరా తాగుతారు.

ఇక నేల సంగతి. చెయిర్‌కి వెనక చక్రాలు పెద్దవి, అవి దేన్నైనా దాటుతాయి. ఇరుక్కునేది ముందున్న చిన్న చక్రాలే. ఇసుకలో దిగబడతాయి, కాలువ మీద ఇనప జాలీ సందుల్లో దిగిపోతాయి, కుంగిన టైల్ అంచుకి తట్టుకుని టక్కున ఆగిపోతాయి. చెయిర్ ఆగుతుంది కానీ మనిషి ఆగడు, ముందుకి పడతాడు. నాన్నకి ఎడమ చెయ్యి సాయం రాదు కనుక ఆపుకోలేరు. బెల్టు తప్పకుండా పెట్టు. నేల గరుకుగా కనిపిస్తే వెనకనున్న కడ్డీని పాదంతో తొక్కి, చెయిర్‌ని నీ వైపు వాల్చి, ముందు చక్రాలు గాల్లో ఉంచి వెనక చక్రాల మీదే నడిపించు. గడప దిగేటప్పుడూ, నిటారు వాలు దిగేటప్పుడూ చెయిర్‌ని వెనక్కి తిప్పి నువ్వు ముందు దిగు. ఇది వెళ్ళే ముందే మీ అపార్ట్‌మెంట్ ర్యాంప్ మీద నాలుగైదు సార్లు ప్రాక్టీస్ చెయ్యి. అక్కడికెళ్ళాక నేర్చుకునే పని కాదు.

వాలు ఎంతుంటే తోయగలమో చెప్పే లెక్క ఒకటుంది. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. ఆరంగుళాల మెట్టుకి ఆరడుగుల ర్యాంప్ అన్నమాట. చాలాచోట్ల మెట్ల మీద సిమెంటు పోసి రెండడుగుల్లో ముగించి దాన్నే ర్యాంప్ అంటారు. దాని మీద నువ్వొక్కదానివే తోయబోకు, ఇంకో మనిషిని పిలువు.

ఏ చోటైనా గూగుల్ మ్యాప్స్‌లో జనం పెట్టిన ఫోటోలు చూడు. వాళ్ళ ముఖాలూ వెనకాల సముద్రమూ వదిలేసి, కాళ్ళ కింద నేల చూడు. ఎక్కడ మెట్లున్నాయి, ఎక్కడ ఇసుక మొదలవుతుంది, గేటు దగ్గర బండ్లు రాకుండా పాతిన స్తంభాల మధ్య ఎంత సందుంది, అన్నీ అందులోనే దొరుకుతాయి.

ఇలా చూస్తే నీ జాబితాలో బొర్రా గుహలు ముందే పోతాయి. వందల మెట్లు, తడి రాయి. అరకు కూడా ఈసారికి వద్దంటాను. కార్లో నూట పదిహేను కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, రానూపోనూ ఏడు గంటలు కూర్చోవాలి. చెయిర్‌లో నువ్వు దిండు వేసి, అరగంటకోసారి కాస్త పక్కకి ఒరిగిస్తావు. కారు సీట్లో, ఆ మలుపుల్లో అది కుదరదు. కూర్చున్న చోట చర్మం ఎర్రబడి, ఒత్తిడి తీశాక కూడా ఆ ఎరుపు తగ్గకపోతే పుండు మొదలైనట్టే. అది మానడానికి నెలలు పడుతుంది. రాత్రి పడుకోబెట్టేటప్పుడు రోజూ చూడు.

సబ్‌మెరైన్ లోపలికి ఇనప మెట్లెక్కి వెళ్ళాలి, లోపల దారి ఇరుకు. నాన్నకి కుదరదు. అలాగని కొట్టేయొద్దు. తొంభై ఒక్క మీటర్ల కుర్సుర ఒడ్డున అలా పడుకుని ఉంటే బయటి నుంచి చూడటమే ఒక అనుభవం. రోడ్డుకి అటువైపు టీయూ 142 విమానం ఉంది, దాని రెక్కల కింద నిలబడితే ఎవరికైనా నోట మాట రాదు. లోపలికి మీరు వంతులవారీగా వెళ్ళండి, ఒకరు నాన్న దగ్గరుండండి. లోపలి వీడియో తీసుకొచ్చి అక్కడే చూపించు. "మీరు చూసి రండి, నేనిక్కడుంటాను" అని ఆయన్ని చెట్టుకింద వదిలేసి అందరూ వెళ్ళిపోవద్దు. మా అత్తగారి ఊళ్ళో ఒకసారి నేనా పని చేశాను. మీ అత్త ఏమీ అనలేదు కానీ ఆ రోజు సాయంత్రమంతా మాట్లాడలేదు.

కైలాసగిరి మీదకి కారు వెళ్తుంది, అందులోనే వెళ్ళండి. రోప్‌వే క్యాబిన్‌లోకి నాన్నని మార్చే తంటా వద్దు. సింహాచలం కొండ మీదకీ కారు వెళ్తుంది, కానీ గుడి దగ్గర మెట్లు, గడపలు తప్పవు. దేవస్థానానికి ముందే ఫోన్ చేసి దివ్యాంగులకి ఏ దారిలో పంపుతారో కనుక్కో. శని, ఆదివారాలు కాకుండా చూసుకో. రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపుకి దివ్యాంగుల సౌకర్యాలు కూడా చూస్తారు. అయినా ఇసుకలో నడిచే బీచ్ వీల్‌చెయిర్ ఉందా, ఆ వారం పనిచేస్తోందా అని వెళ్ళే ముందు రోజు అడుగు. లేకపోతే మామూలు చెయిర్‌ని ఇసుకలోకి దింపకు. గట్టు మీద నుంచే చూడండి.

కారు బుక్ చేసేటప్పుడు డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉందా అని అడుగు. ఉంటే చెయిర్ పట్టదు. మాకు రెండుసార్లు ఇలాగే కారు వచ్చి వెనక్కి వెళ్ళింది. సీటు మరీ ఎత్తున్న బండి కూడా వద్దు. నాన్నని ముందు సీట్లో, ఎడమ తలుపు నుంచి ఎక్కించు. కారు ముఖం ఎటుంటే చెయిర్ ముఖం అటే పెడితే, సీటు ఆయన కుడివైపుకి వస్తుంది. బలమున్న కుడికాలి మీద ఆనుకుని తిరగొచ్చు. దిగేటప్పుడు ఎడమకి తిరగాలి, అక్కడే తూలుతారు. కాబట్టి ఎక్కించడానికి ఒకరు చాలినా దింపడానికి ఇద్దరుండండి.

రైలుకి వందే భారత్ అయితే నయం. చివరి పెట్టెల్లో వీల్‌చెయిర్‌కి చోటుంటుంది, తలుపు వెడల్పు. ఏ ప్లాట్‌ఫామ్‌కి వస్తుందో, లిఫ్ట్ ఎటుందో 139కి ఫోన్ చేసి కనుక్కో.

ఇక రోజులు. నాన్న లేచి, కాలకృత్యాలు, స్నానం, టిఫిన్ అయ్యేసరికి ఇంట్లోనే రెండున్నర గంటలు పడుతుందన్నావు. కొత్త బాత్‌రూమ్‌లో మూడు వేసుకో. అంటే ఏడింటికి లేస్తే బయటపడేది పదింటికి. ఈ లెక్కకి రోజుకి ఒక్క పెద్ద చోటే పడుతుంది. వెళ్ళిన రోజు ఏమీ పెట్టుకోకు, గదిలో సామాను సర్దుకుని సాయంత్రం బీచ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద అరగంట చాలు. రెండో రోజు పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా సబ్‌మెరైన్, విమానం, ఆ వేళకి తెరిచి ఉంటాయో లేదో ముందే కనుక్కో. తర్వాత భోజనం, మంచం మీద నిజంగా నడుం వాల్చాలి, చెయిర్‌లో కునుకు కాదు. నాలుగున్నరకి మళ్ళీ సముద్రం. డిసెంబర్‌లో అయిదున్నరకల్లా పొద్దుగూకుతుంది, చీకట్లో గుంతలు కనిపించవు కాబట్టి ఆరింటికల్లా గదిలో ఉండండి. మూడో రోజు పొద్దున ఖాళీ, సాయంత్రం కైలాసగిరి. నాలుగో రోజు సింహాచలం, ఆయనకి ఓపికుంటేనే. రుషికొండ ఈ మధ్యలో ఎక్కడైనా దూరితే దూరుతుంది.

ఓపిక అయిపోయిందని నాన్న నోటితో చెప్పరు. ఎడమవైపుకి ఒరగడం, మాట ముద్దగా రావడం, పాదం కింది పలక మీంచి జారడం, ఈ మూడిట్లో ఏది కనిపించినా ఆ రోజుకి ఆపేయండి. టికెట్ కొన్నారు కదా అని సాగదీయొద్దు. మాట ముద్దకావడం కాసేపు పడుకున్నాక కూడా తగ్గకపోతే, లేదా ఒక్కసారిగా వస్తే, అలసట అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు.

పంక్చర్ సామాను, ఒక పంపు, నాలుగంగుళాల గడపకి పనికొచ్చే మడత ర్యాంప్ నా దగ్గరున్నాయి. రాజమండ్రిలో రైలు ఆగుతుంది, ప్లాట్‌ఫామ్ మీదకి తెచ్చిస్తాను. హోటల్‌వాళ్ళు ఫోటోలు పంపగానే నాకు పెట్టు, టేపు మీద అంకె కనిపించేవే పెట్టు. అవి చూశాకే డబ్బు కట్టు.

మీ మామయ్య