రన్నర్ అని ఎవరూ వెతకరు

“షార్ట్స్‌కి ఎన్ని హ్యాష్‌ట్యాగ్‌లు పెడితే యూట్యూబ్ సెర్చ్‌లో కనిపిస్తాయి? టైటిల్‌లో ఏం రాయాలి?”

రెండో మూడో చాలు. అవి కూడా లేకపోయినా కొంప మునగదు. నా వీడియోని సెర్చ్‌లోకి తెచ్చింది టైటిలే.

బ్యాగ్ జిప్ లాగాక వెనకాల పళ్లు విడిపోతుంటాయి కదా, దాన్ని కటింగ్ ప్లేయర్‌తో బాగుచేసే వీడియో ఒకటి పెట్టాను. జిప్‌ని లాగే ముక్క, అంటే రన్నర్, వదులైతే అలా అవుతుంది, దాన్ని రెండు పక్కలా మెల్లగా నొక్కితే సరిపోతుంది. టైటిల్ ఏం పెట్టానంటే, “రన్నర్ లూజైతే ఈ చిన్న ట్రిక్ చూడండి 😱”. కింద #viral #trending #fyp అంటూ ఎవరో అమ్మిన లిస్టు మొత్తం అతికించాను. అవును, డబ్బిచ్చి కొన్నాను, నవ్వకండి. 60 దాటితే యూట్యూబ్ ఆ వీడియోలోని హ్యాష్‌ట్యాగ్‌లన్నిటినీ పక్కన పెట్టేస్తుందని అమ్మినవాడు చెప్పలేదు. అయినా #viral అని టైప్ చేసి జిప్ బాగుచేసుకునేవాళ్లు ఎవరుంటారు?

రెండు రోజులు ఫీడ్‌లో తిరిగి ఆగిపోయింది. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో అనలిటిక్స్ తెరిచి, ట్రాఫిక్ ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే సెర్చ్ దాదాపు సున్నా. ఉన్న ఒకటి రెండు సెర్చ్ మాటల్లో “bag zip repair” ఉంది. అప్పుడు వెలిగింది. రన్నర్ అనేది పని తెలిసినవాళ్ల మాట. జిప్ పాడైనవాడికి దాని పేరే తెలియదు, తన కళ్ల ముందున్న బాధని టైప్ చేస్తాడు. అదీ మనవాళ్లు చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు.

సెర్చ్ బాక్స్‌లో “bag zip” అని కొట్టి ఆగాను. కింద వచ్చిన సూచనలు చూసి టైటిల్ ఇలా మార్చాను:

```
బ్యాగ్ జిప్ పళ్లు విడిపోతే | Bag zip repair Telugu
```

టైటిల్‌కి 100 అక్షరాల హద్దుంది కాబట్టి అసలు మాట ముందే ఉండాలి. హ్యాష్‌ట్యాగ్‌లు #ziprepair, #జిప్‌రిపేర్ రెండే ఉంచాను. మధ్యలో ఖాళీ వదిలితే ట్యాగ్ అక్కడితో తెగిపోతుంది, #జిప్ ఒక్కటే మిగులుతుంది. డిస్క్రిప్షన్‌లో జరిగే పని ఒక్క వాక్యంలో రాశాను.

వారం దాకా ఏమీ లేదు. తర్వాత సెర్చ్ నుంచి రోజుకి కొద్దికొద్దిగా రావడం మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు. ఫీడ్‌లో వచ్చినన్ని వ్యూస్ రావు, కానీ వచ్చినవాళ్లు చివరిదాకా చూస్తారు, వాళ్లకి జిప్ బాగవ్వాలి మరి.

ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ అయితే ఆ మాటలు క్యాప్షన్‌లోనే రాయండి. హ్యాష్‌ట్యాగ్‌లని మొదటి కామెంట్‌లో దాచే అలవాటుంది చూశారూ, సెర్చ్‌కి అది పనికిరాదు. ఇక మీది డాన్సో కామెడీయో అయితే ఇంత తంటా అక్కర్లేదు, వాటిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు తక్కువ, ఫీడే తెచ్చి చూపించాలి.