ఆరు వారాలు దాటిన బిల్లు: పలాస అన్నయ్యను ఎలా అడగాలి?

"మాది శ్రీకాకుళంలో ప్లాస్టిక్ పౌచ్‌ల మీద ప్రింటు వేసే చిన్న యూనిట్. పలాసలోని ఒక జీడిపప్పు వ్యాపారి ఆరేళ్లుగా మా దగ్గరే తీసుకుంటున్నారు. ఆగస్టు 4న పంపిన సరుకు బిల్లు 1,41,600 రూపాయలు. నెల రోజుల్లో ఇస్తామన్నారు, నోటిమాటే. అక్టోబరు సగానికి వచ్చినా రాలేదు. ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తాను, మా పాప ఓణీల ఫంక్షన్‌కి కుటుంబంతో వచ్చారు. రెండుసార్లు 'కొంచెం చూడండి అన్నయ్యా' అని మెసేజ్ పెడితే నమస్కారం బొమ్మ పంపి ఊరుకున్నారు. ఇప్పుడు దీపావళికి ఇంకో 90,000 ఆర్డరు అంటున్నారు. సంబంధం చెడకుండా ఎలా అడగను?"

అమ్మా, ఆయనకు మెసేజ్ రాసే ముందు మీ జీఎస్టీ రిటర్ను ఒకసారి చూసుకోండి. ఇలాంటి ఆలస్యాల్లో చాలామంది అటువైపు తొంగి చూడరు.

మీ యూనిట్ టర్నోవరు ఐదు కోట్ల లోపే ఉంటుంది కాబట్టి మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉండొచ్చు. ఆ పద్ధతిలో జులై, ఆగస్టు, సెప్టెంబరు బిల్లుల వివరాలు అక్టోబరు 13 లోపు ఎక్కిస్తే సరిపోతుంది. మీకు ఇది సుఖమే. పలాసలో ఆయన అకౌంటెంటుకు మాత్రం మీ ఆగస్టు బిల్లు అప్పటిదాకా జీఎస్టీఆర్-2బీ అనే కొనుగోలు బిల్లుల పట్టికలో కనిపించదు. కనిపించని బిల్లు మీద కట్టిన పన్నును ఆయన వెనక్కి తీసుకోలేరు. మీ బిల్లులో అసలు 1,20,000, పన్ను 21,600. ఆ 21,600 ఖాయమయ్యేదాకా బిల్లు మొత్తాన్నీ పక్కన పెట్టే అకౌంటెంట్లు ఉంటారు, యజమానికి ఆ సంగతి చెప్పను కూడా చెప్పరు. మీ విషయంలో జరిగింది ఇదే అయితే అన్నయ్య మనసులో ఏమీ లేదు, కాగితం దగ్గర ఆగిందంతే. ఇకమీదట ఐఎఫ్ఎఫ్ అనే సదుపాయం వాడమని మీ ఆడిటరుకు చెప్పండి. మూడు నెలల పద్ధతిలోనే ఉంటూ, మొదటి రెండు నెలల బిల్లులను మరుసటి నెల 13 లోపు ఎక్కించుకోవచ్చు.

అలాగే డెలివరీ చలానా తీసి, సరుకు దించుకున్నవాళ్ల సంతకం ఉందో లేదో, పౌచ్‌ల లెక్క బిల్లుతో కలుస్తోందో లేదో చూడండి. వెయ్యి పౌచ్‌లు తక్కువ వచ్చాయని గోడౌన్‌లో ఎవరో అట్టమీద రాసి పెట్టుకుని ఉంటే, ఆ మాట మీ దాకా రాకుండానే బిల్లు నెలల తరబడి పడి ఉంటుంది.

ఇక మెసేజ్ సంగతి. 'కొంచెం చూడండి' అన్న మాటలో ఏ బిల్లో లేదు, ఎంతో లేదు, ఎప్పటికి కావాలో లేదు. చదివినాయన దానికి ఏమని జవాబివ్వాలి? నమస్కారం బొమ్మే పెడతారు. పైగా అలా మొహమాటపడుతూ మూడోసారి, నాలుగోసారి రాసేసరికి మీకు లోపల కోపం పేరుకుంటుంది, ఆయనకు మీ పేరు ఫోన్‌లో కనబడితేనే ఇబ్బందిగా ఉంటుంది. సంబంధం దెబ్బతినేది అక్కడే. లెక్క సూటిగా చెప్పి, ఆయన సులువుగా ఇవ్వగలిగిన జవాబు ఒక్కటే అడగండి. ఆ జవాబు ఒక తేదీ. డబ్బు ఇవ్వలేని పరిస్థితిలో ఉన్నా తేదీ చెప్పగలరు.

నేనైతే ఇలా రాస్తాను, బిల్లు నంబరు మీది వేసుకోండి:

"అన్నయ్యా, నమస్తే. వదిన, పిల్లలు బాగున్నారా? ఆగస్టు 4న పంపిన పావుకిలో, అరకిలో పౌచ్‌ల బిల్లు 118 గురించి రాస్తున్నాను. మొత్తం 1,41,600. సెప్టెంబరు 3కి అనుకున్నాం, మా ఖాతాలో ఇంకా పడలేదు. బిల్లు ఇప్పుడు మీ 2బీలో కనబడుతుంది, అకౌంటెంటు గారిని ఒకసారి చూడమనండి. సరుకులో గానీ లెక్కలో గానీ ఏదైనా తేడా ఉంటే చెప్పండి, సరిచేస్తాను. ఏమీ లేకపోతే ఏ తేదీకి వేయిస్తారో చెప్పండి, ప్లాస్టిక్ ఫిల్మ్ ఇచ్చేవాళ్లకు నేను ఆ రోజుకు మాటిచ్చుకుంటాను. బిల్లు కాపీ మళ్లీ పెడుతున్నాను, బ్యాంకు వివరాలు అందులో ఉన్నాయి."

పలకరింపు ఒక్క వాక్యంతో ఆపాను. పొగడ్తలతో మొదలుపెట్టి చివర్లో డబ్బు మాట తెస్తే ఆ పొగడ్త అబద్ధంలా వినిపిస్తుంది. 'మీరు ఇవ్వలేదు' అని ఎక్కడా లేదు, 'మా ఖాతాలో పడలేదు' అని ఉంది. తేడా ఉంటే చెప్పమన్న మాట మర్యాద కోసం పెట్టింది కాదు, నిజంగా తేడా ఉంటే బయటపడేది దానితోనే. 2బీ వాక్యం మాత్రం మీరు రిటర్ను ఎక్కించాకే ఉంచండి, ఎక్కించకపోతే ముందు ఆ పని చేసి అప్పుడు రాయండి. 'మాకు చాలా ఇబ్బందిగా ఉంది, పిల్లల ఫీజులు కట్టాలి' లాంటివి వద్దు. మీకు రావాల్సిన డబ్బును ఆయన దయలా అడగక్కర్లేదు.

ఈ మెసేజ్ అన్నయ్యకు వ్యక్తిగతంగా పంపండి, బిల్లు కాపీ ఆయన అకౌంటెంటుకు విడిగా పంపండి. ఇద్దరూ ఉన్న గ్రూపులో పెట్టకండి. గుమస్తా ముందు బాకీ మాట వస్తే ఎంత దగ్గరివాళ్లయినా చిన్నబుచ్చుకుంటారు. బుధవారమో గురువారమో ఉదయం పంపండి. మంగళ, శుక్రవారాల్లో డబ్బు తీసి ఇవ్వడానికి వెనకాడే ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి, ఆ రోజుల్లో అడిగితే 'రేపు చూద్దాం' తోనే మొదలవుతుంది.

మూడు నాలుగు రోజులు చూసి ఫోన్ చేయండి. జీడిపప్పు వ్యాపారంలో ఉన్న ఒక సంగతి గుర్తుపెట్టుకోండి: ఉద్దానంలో పిక్కలు వేసవిలో వస్తాయి, అప్పుడు కొని నిల్వ పెట్టుకున్నవాళ్ల డబ్బు పండగల అమ్మకాలు అయ్యేదాకా గోడౌన్‌లోనే ఉంటుంది. కాబట్టి "దీపావళి సరుకు కదలనీ అమ్మా" అని ఆయన అంటే అది తప్పించుకునే మాట కాకపోవచ్చు. అప్పుడు మీరు, "సరే అన్నయ్యా, ఈ వారం యాభై వేలు వేయించండి, మిగతా 91,600 నవంబరు 15కి పెట్టుకుందాం" అనండి. ఎంత, ఎప్పుడు అన్న రెండూ మీ నోటి నుంచే రావాలి. 'మీ వీలు చూసుకుని ఇవ్వండి' అన్నారంటే ఆ బిల్లు వరసలో అందరికంటే వెనక్కి పోతుంది.

ఫోన్ పెట్టేశాక అదే మాట వాట్సాప్‌లో రాసి, "సరేనా అన్నయ్యా" అని అడగండి. ఆయన సరే అంటే బాకీ ఉందని రాతలో ఒప్పుకున్నట్టు ఒక ఆధారం ఉంటుంది. యాభై వేలు పడగానే "బిల్లు 118లో 50,000 జమ, మిగిలింది 91,600" అని రసీదు పంపండి. లేకపోతే రేపు అది కొత్త ఆర్డరు అడ్వాన్సు అని ఒకరు, పాత బాకీ అని ఒకరు అనుకుంటారు. మనస్పర్థలు ఎక్కువగా ఇలాంటి చోటే వస్తాయి.

కొత్త ఆర్డరు వద్దనకండి, పాతది ఇస్తేనే చేస్తానని బిగించకండి. దీపావళికి పౌచ్‌లు లేకపోతే ఆయన అమ్మకం ఆగుతుంది, మీ బాకీ వచ్చే దారీ అదే. అలాగని 90,000 సరుకు పూర్తిగా అప్పు మీద ఇస్తే మీ డబ్బు 2,31,600 ఒక్క చోటే ఇరుక్కుంటుంది. ఫిల్మ్, ఇంకు ఖర్చు మేరకు ముందే తీసుకోండి, సగం అంటే 45,000 అడగడం న్యాయం. "అన్నయ్యా, ఫిల్మ్ తెప్పించాలి, సగం వేయిస్తే రేపే మెషీను ఎక్కిస్తాను" అంటే అది అపనమ్మకంలా ఉండదు. పాత బిల్లు 12 శాతం వడ్డీ అప్పు మీద నడుస్తుంటే, ఈ ఆరు వారాలకే మీకు దాదాపు రెండు వేలు పోయింది. ఆ లెక్క ఆయనకు చెప్పక్కర్లేదు, అడ్వాన్సు అడగడానికి మీరు సంకోచించినప్పుడు మీకు మీరు చెప్పుకోండి.

చట్టం మీ పక్షాన ఉంది. ఎంత వరకో తెలుసుకుని, ప్రస్తుతానికి లోపలే ఉంచుకోండి. సరుకు పంపేనాటికే మీకు చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం వర్తిస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు మించకూడదు, రాత లేకపోతే 15 రోజులే. అంటే మీ నోటిమాట నెల రోజులకు ఆ చట్టం దగ్గర విలువ లేదు. గడువు దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఆ వడ్డీ మాట మొదటి మెసేజ్‌లో రాశారంటే ఆరేళ్లుగా అన్నయ్యగా ఉన్నాయన ఆ రోజుతో వట్టి వ్యాపార పార్టీ అయిపోతారు. మీరు సొంతంగా ప్రింటు వేస్తున్నారు కాబట్టి ఇది మీకు వస్తుంది, పౌచ్‌లు కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ లేదు.

నవంబరు 15 కూడా దాటిపోతే మాట్లాడాల్సింది ఇద్దరు అకౌంటెంట్లు, మీరూ ఆయనా కాదు. మీ ఆడిటరు ఆయన ఆడిటరుకు రెండు విషయాలు గుర్తుచేస్తే చాలు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో, అంటే జనవరి 31 లోపు చెల్లించకపోతే ఆయన తీసుకున్న 21,600 పన్ను క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి. మార్చి 31 నాటికి కూడా ఇవ్వకపోతే ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో ఈ కొనుగోలు ఖర్చుగా చెల్లదు, ఇచ్చిన ఏడాదిలోనే చెల్లుతుంది. ఇది బెదిరింపు కాదు, ఆయనకు మేలు చేసే సమాచారం. చిన్న యూనిట్ల బాకీ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లే హక్కు మీకుంది, కానీ జనవరి దాటి, ఫోన్లు ఎత్తడం మానేస్తే తప్ప ఆ మాట తలపెట్టొద్దు.

ఈ దీపావళి ఆర్డరు ఖాయం చేసే మెసేజ్‌లోనే "సగం అడ్వాన్సు, మిగతాది సరుకు దిగిన 30 రోజుల్లో" అని రాసి ఆయనతో సరే అనిపించుకోండి, బిల్లు మీద కూడా ఆ ఆఖరు తేదీ ముద్రించండి. ఆ తేదీకి అయిదు రోజుల ముందు అకౌంటెంటుకు ఒక వాక్యం పంపితే, అన్నయ్యతో బాకీ మాట ఎత్తాల్సిన పని ఉండదు.