ప్రొబేషన్ రివ్యూ తయారు చేయమంటే మీ అమ్మాయిని పంపించేస్తారని కాదు

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీఏ హెచ్‌ఆర్ చేసి హైదరాబాద్‌లో మెడికల్ సామాన్లు హాస్పిటళ్లకు సరఫరా చేసే కంపెనీలో చేరి రెండు నెలలైంది. ఎనభై మంది ఉంటారు. ఆరు నెలల ప్రొబేషన్. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళందరికీ ప్రొబేషన్ రివ్యూ పద్ధతి తయారు చేయమన్నారట, తనకేమో అసలు తన ఉద్యోగమే ఉంటుందో లేదో అని టెన్షన్. నేను ఒకసారి వాళ్ళ మేనేజరుతో మాట్లాడనా? లేక మానిపించి హెచ్‌ఆర్ అనలిటిక్స్ కోర్సులో చేర్పించనా? ఏది మేలు? (ఖమ్మం నుంచి ఒక తండ్రి)

జవాబు: ముందు ఒక మాట, కాస్త కటువుగానే చెప్తాను. మేనేజరుకు ఫోన్ చేయకండి. మీరు చేసిన మరుక్షణం ఆ ఆఫీసులో మీ అమ్మాయి ఉద్యోగి కాదు, ఎవరో ఒకాయన కూతురు అవుతుంది. ఇంకో నాలుగు నెలల తర్వాత ఆమె ఏ మేనేజరుతోనైనా "నీ కింద పనిచేసేవాడి గురించి ఈ తేదీలోగా నిర్ణయం రాసివ్వు" అని నిలబడి అడగాలి. నాన్న ఫోన్ చేశాక ఆ గొంతు రాదు. ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకు రెండు మూడు వస్తాయి, అన్నిట్లోనూ భయం ఒకటే: పిల్లని తీసేస్తారేమో. తీసేయాలనుకున్న మనిషికి, అందరినీ ఉంచాలో వద్దో తేల్చే కాగితం తయారు చేసే పని ఎవరూ అప్పగించరండీ.

కోర్సు సంగతి. హెచ్‌ఆర్ అనలిటిక్స్ మీద నాకు అనుమానాలున్నాయి, దాచుకోను. వేల మంది పనిచేసే కంపెనీలో, ఏటా వందల మంది చేరి వందల మంది మానేసేచోట, ఎవరు ఎందుకు మానేస్తున్నారో లెక్కల్లో వెతకడానికి అర్థముంది. ఎనభై మంది ఉన్నచోట ఏటా పది పన్నెండు మంది చేరతారేమో. పన్నెండు మందితో ఏ గ్రాఫ్ గీస్తారు? ఒకడు మానేస్తే ఎనిమిది శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది, తీరా చూస్తే వాడికి ఊళ్ళో పెళ్ళి కుదిరింది. ఇంకోటి, ఆ డాష్‌బోర్డుల్లోకి వెళ్ళే అంకెలు మేనేజర్లు రివ్యూ ఫారాల్లో వేసిన మార్కులే. ఆ మేనేజరు అందరికీ ఐదుకు మూడు వేసి పారేస్తుంటే దాని మీద ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా అందరూ మూడే. ఆ మూడు ఎందుకు పడుతోందో పట్టుకోవడం మీ అమ్మాయికి ఇప్పుడు జీతమిచ్చి నేర్పిస్తున్నారు. మీరేమో దాన్ని మానిపించి, డబ్బు కట్టి, దాని తర్వాతి మెట్టు నేర్పిస్తానంటున్నారు. రెండు మూడేళ్ళ తర్వాత పెద్ద కంపెనీకి మారాలనుకుంటే అప్పుడు చేరనివ్వండి. పోలిక ఇంతకంటే అక్కర్లేదు, కాబట్టి ఆమె చేతిలో ఉన్న పని గురించే చెప్తాను. ఇక్కడినుంచి ఆమెకే చూపించండి.

అమ్మా, ఫారం తర్వాత, ముందు క్యాలెండర్ తీయి. జూన్ 2న చేరినవాడికి ఆరు నెలలు డిసెంబర్ 1తో అయిపోతాయి. చాలా ఆఫీసుల్లో నవంబర్ ఆఖరి వారంలో ఎవరికో గుర్తొస్తుంది, మేనేజరు కంగారులో "ఇంకో మూడు నెలలు చూద్దాం" అంటాడు. అందుకని రివ్యూలు మూడు పెట్టు: 30వ రోజు, 90వ రోజు, 150వ రోజు. ఈ మనిషికి అవి జూలై 2, ఆగస్టు 31, అక్టోబర్ 30. నిర్ణయం 150వ రోజునే జరగాలి, లెటర్ నవంబర్ 15కల్లా చేతిలో పడాలి. నెల ముందే ఎందుకంటే, తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం (1988) 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు నిరంతరంగా పనిచేసినవాడిని సరైన కారణం లేకుండా, నెల ముందు రాతపూర్వక నోటీసో దాని బదులు జీతమో ఇవ్వకుండా తీసేయడానికి లేదు. అంటే ప్రొబేషన్ పొడిగిస్తే చూద్దాంలే అనుకోవడం ఊరికే వచ్చే సౌకర్యం కాదు, కొత్త బాధ్యత మొదలవుతుంది. అపాయింట్‌మెంట్ లెటర్లు కూడా ఒకసారి చదువు. లెటర్ ఇస్తేనే కన్ఫర్మ్ అయినట్టు అని ఉందా, పొడిగింపుకు గరిష్ఠ గడువు రాశారా, అసలేమీ లేదా? ఏమీ రాయకపోతే ఏడో నెలలో ఆ మనిషి ప్రొబేషన్‌లో ఉన్నాడో లేదో వాదనకు వస్తుంది. అలాంటిది కనిపిస్తే నువ్వే తేల్చకు, కంపెనీ లాయర్‌కి చూపించమను.

ఇప్పుడు ఫారం. మార్కులు వద్దు. చేరిన మొదటి వారంలోనే మేనేజరు ఆ ఉద్యోగంలోని నాలుగు పనులు రాయాలి, నాలుగే, "చురుకుదనం", "టీమ్ స్పిరిట్" లాంటివి కావు. మీ ఆర్డర్ డెస్క్ మనిషికైతే కొటేషన్ వేయడం, ఇన్వాయిస్ కొట్టడం, రిటర్న్‌లు తీసుకోవడం, హాస్పిటళ్ల దగ్గర బకాయిలు అడగడం. ఒక్కో పని ఎదురుగా మూడింట్లో ఒకటి టిక్ చేయాలి: ఒంటరిగా చేస్తున్నాడు, పక్కన ఎవరైనా చూస్తే చేస్తున్నాడు, ఇంకా చేయలేకపోతున్నాడు. ఏది టిక్ చేసినా పక్కన తేదీతో ఒక సంఘటన రాయాలి. తేదీ లేని టిక్ చెల్లదని ముందే చెప్పేయి, మేనేజర్లు గొణుగుతారు, గొణగనీ. దాని పక్కనే ఇంకో గడి: ఈ పని ఎవరు, ఎప్పుడు నేర్పారు? ఈ గడి ముందు కొత్తవాడు నింపాలి, ఆ తర్వాతే మేనేజరు తన భాగం రాయాలి. కొత్తవాడికి ఈ పద్ధతి వల్ల ఒరిగేదంతా ఈ గడిలోనే ఉంది.

ఎందుకో చెప్తాను. ఇలాంటి వ్యాపారమే చేసే ఒక కంపెనీకి నేను కొన్నాళ్ళు సలహాలిచ్చాను. ఒక కుర్రాడి మీద ఐదో నెలలో మేనేజరు "అజాగ్రత్త మనిషి, పొడిగిద్దాం" అన్నాడు. ఏం అజాగ్రత్త అంటే, తప్పులు, బోలెడు తప్పులు. టాలీలో క్రెడిట్ నోట్లు, అంటే బిల్లు తప్పు పడినా సరుకు తిరిగొచ్చినా కస్టమరు పేరున రాసే సర్దుబాటు కాగితాలు, తీయించాం. కొటేషన్లు, ఇన్వాయిస్‌లు మూడో నెల నుంచి శుభ్రంగా ఉన్నాయి. తప్పులన్నీ రిటర్న్‌ల మీదే, ముఖ్యంగా బ్యాచ్ నంబర్ తప్పు పడటం. అది చిన్న తప్పేమీ కాదు, గడువు తీరిన సరుకును తయారీదారుకి తిప్పి పంపేటప్పుడు బ్యాచ్ కలవకపోతే క్లెయిమ్ తిరిగొస్తుంది, నష్టం డిస్ట్రిబ్యూటరే భరించాలి. మేనేజరు కోపంలో న్యాయముంది. కానీ ఆ "ఎవరు, ఎప్పుడు నేర్పారు" గడిలో కుర్రాడు రాసుకున్నది చూస్తే రిటర్న్‌లు చూసే సీనియర్ రెండు నెలలు సెలవులో ఉంది, వచ్చాక నాలుగో నెల మధ్యలో కూర్చోబెట్టి చూపించింది. నేర్పక ముందు చేసిన 20 రిటర్న్‌లలో 8 తప్పులు, నేర్పాక 25లో 3. ఆ మూడూ మొదటి వారంలోవే. ఇంకేం పొడిగిస్తారు? కన్ఫర్మ్ చేసి, ఒక నెలపాటు రిటర్న్‌లు సీనియర్ చూసి సంతకం పెట్టాలని లెటర్‌తో సంబంధం లేకుండా విడిగా అనుకున్నారు.

అదే నెలలో ఇంకో అమ్మాయి విషయం వచ్చింది, బకాయిలు వసూలు చేసే పని. డెంగ్యూ వచ్చి, ఆ తర్వాత నీరసంతో ఆరు వారాలు రాలేదు. వచ్చాక ఆమెను స్టాక్ లెక్కకి వాడుకున్నారు. 150వ రోజున చూస్తే ఆమె అసలు పని చేసింది తొమ్మిది వారాలే. బాగుందనడానికీ బాగోలేదనడానికీ చేతిలో ఏమీ లేదు. పొడిగించాల్సింది ఇలాంటప్పుడు. ఎనిమిది వారాలు పొడిగించారు, లెటర్‌లో కారణం అదే రాశారు, చూడబోయేది ఒకే పని అని రాశారు, ఆఖరి తేదీ రాశారు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నీ నియమం వచ్చేసింది. 150వ రోజున మేనేజరును రెండే అడుగు. ఇవాళ తెలిసినదంతా తెలిసి, ఇదే పనికి ఇతన్ని మళ్ళీ తీసుకుంటావా? అవునంటే కన్ఫర్మ్, అక్కడితో అయిపోయింది. తేల్చలేను అంటే, ఏం చూడలేకపోయావు, అది చూడటానికి ఎన్ని వారాలు కావాలి అని అడుగు. దానికి జవాబు ఉంటే అన్ని వారాలే పొడిగింపు, ఒక్కసారే. జవాబు లేకుండా "ఇంకొంచెం చూద్దాం" అంటే, అతనికి మొహమాటంగా ఉంది, కాదని చెప్పలేకపోతున్నాడు, అంతే. నేర్పారు, 90వ రోజున రాతలో చెప్పారు, అయినా అక్కడే ఉంటే ఆ మనిషిని మూడు నెలలు వేలాడదీసి మళ్ళీ అదే మాట చెప్పడం కంటే ఇప్పుడే చెప్పడం వాడికీ మంచిది, బయట ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాడు. మాటలు మాత్రం జాగ్రత్త, లెటర్‌లో "నిజాయితీ లేదు" లాంటి మచ్చ వేసే మాట ఒక్కటి పడినా అది శిక్ష కింద లెక్క, విచారణ చేశారా అనే ప్రశ్న వస్తుంది.

90వ రోజు రివ్యూ గురించి ఒక్క షరతు మర్చిపోవద్దు. 150వ రోజున కొత్త ఫిర్యాదు తీయకూడదు. అప్పటికి చెప్పని లోపం నిర్ణయంలోకి రాదు, ఆ తర్వాతే కొత్తగా ఏదైనా జరిగితే తప్ప. మొదటి ఏడాది ఈ షరతుని మేనేజర్లు ఎక్కువగా తప్పుతారు, నువ్వు 90వ రోజు కాగితం కాపీ దగ్గర పెట్టుకో. ఉద్యోగి సంతకం తీసుకునేటప్పుడు "ఒప్పుకుంటున్నాను" అని కాదు, "చదివాను" అని పెట్టించు, కింద అతను తన మాట రాసుకోవడానికి నాలుగు లైన్లు వదులు.

సార్, మళ్ళీ మీకు. అమ్మాయికి 90వ రోజు ఇంకో నెలలో వస్తోంది. ఆమె తయారు చేసిన ఫారం మొదట తన మీదే నింపుకుని మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళమనండి: నా నాలుగు పనులు ఇవనుకుంటున్నాను, ఇవి మీరు నేర్పారు, ఇది ఇంకా ఎవరూ నేర్పలేదు, మీ భాగం రాయండి అని. నచ్చని టిక్ పడినా రెండు నెలలు టైముంటుంది. తీరా 150వ రోజున కాదంటే అప్పుడు నాకు మళ్ళీ రాయండి, ఆ ఫారం కాపీ కూడా జత చేయండి.